పెంగ్విన్ సగం పక్షి కాదు: ప్రోటోటైప్ సిద్ధాంతం చెప్పినదీ, చెప్పనిదీ

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలినోర్ రోష్ 1975లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో సుమారు 200 మంది కళాశాల విద్యార్థులకు పక్షులు, పండ్లు, కూరగాయలు, ఫర్నిచర్, వాహనాలు వంటి పది వర్గాలకు చెందిన పేర్ల జాబితాలు ఇచ్చి, ఒక్కో పేరు ఆ వర్గానికి ఎంత మంచి ఉదాహరణో 1 నుంచి 7 వరకు అంకెలు వేయమన్నారు. 1 అంటే చాలా మంచి ఉదాహరణ, 7 అంటే ఏమాత్రం సరిపోని ఉదాహరణ. పక్షుల జాబితాలో రాబిన్‌కు సగటున 1.02 వచ్చింది. పిచ్చుకకు 1.18, పెంగ్విన్‌కు 4.53 వచ్చాయి. పక్షే కాని గబ్బిలాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు, అది 6.15తో అట్టడుగున నిలిచింది.

ఈ అంకెల ఆధారంగా రెండు వేరువేరు మాటలు ప్రచారంలోకి వచ్చాయి. ఒకటి, వర్గంలోని సభ్యులందరూ మన మనసులో సమానం కారని. రెండోది, వర్గాల అంచులు స్పష్టంగా ఉండవని, ఒకదానిలోంచి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పలేమని. రెండూ నిజమే. అయితే మొదటిది రుజువైతే రెండోది దానంతటదే రుజువైనట్టు చాలామంది రాస్తుంటారు, అక్కడే చిక్కు వస్తుంది. పెంగ్విన్ ఉదాహరణ మొదటి మాటకు మాత్రమే సాక్ష్యం. రెండో మాటకు సాక్ష్యం కావాలంటే గుమ్మడికాయ దగ్గరికి వెళ్ళాలి. మనసు వర్గాన్ని నిర్వచనంతో కాక, దాని మంచి ఉదాహరణతో ఉన్న పోలికతో గుర్తుపడుతుందన్నదే ప్రోటోటైప్ సిద్ధాంతం; ఆ మంచి ఉదాహరణ రూపమే ప్రోటోటైప్. ఈ తేడా తెలిస్తే ఆ సిద్ధాంతం మొత్తం తేటపడుతుంది, అందుకే దీన్ని కొంత నిదానంగా చూద్దాం.

రోష్‌కు ముందు చాలాకాలం పాటు పండితులు వర్గాన్ని నిర్వచనంతో ముడిపెట్టి ఆలోచించారు. ఒక వస్తువు ఫలానా వర్గానికి చెందాలంటే కొన్ని లక్షణాలు తప్పక ఉండాలి, అవి ఉంటే చాలు. గ్రీకు తత్వంలోనే కాదు, మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోనూ ఈ ఆలోచన ఎంతో పదునుగా ఉంది. ఆవుకు లక్షణం ఏమిటి అన్న ప్రశ్నకు తార్కికులు మెడ కింద వేలాడే గంగడోలును చూపించారు. కపిలవర్ణం కలది ఆవు అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అంటే గేదె కూడా లోపలికి వస్తుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట కలది ఆవు అంటే ఏ ఆవుకూ వర్తించదు, అది అసంభవం. ఈ మూడు దోషాలూ లేనిదే సరైన లక్షణం. పక్షికి ఇదే పరీక్ష పెడితే, 'ఎగిరేది పక్షి' అన్న నిర్వచనం పెంగ్విన్‌ను, నిప్పుకోడిని బయటికి నెట్టి అవ్యాప్తికి గురవుతుంది, గబ్బిలాన్ని లోపలికి తెచ్చి అతివ్యాప్తికీ గురవుతుంది. 'ఈకలు కలది పక్షి' అంటే నేడు బతికి ఉన్న జంతువుల వరకు ఏ దోషమూ రాదు. ఇలా లక్షణం కుదిరిన చోట సభ్యులందరూ సమానమే కావాలి. గంగడోలు ఉన్న ప్రతి ఆవూ ఎంత ఆవో, ఈకలున్న ప్రతి పక్షీ అంతే పక్షి.

రోష్ ప్రశ్నించింది ఈ సమానత్వాన్నే. ఆమె విద్యార్థులకు ఇచ్చిన సూచనలను జాగ్రత్తగా గమనించాలి. కుక్కలను తలచుకోమని, అసలు సిసలైన కుక్క ఎలా ఉంటుందో మీకో భావన ఉంటుందని, తన దృష్టిలో రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ వంటివి నిండైన కుక్కలైతే పెకినీస్ అంతటి కుక్క కాదని ఆమె వివరించారు. ఇది ఇష్టాయిష్టాల ప్రశ్న కాదని కూడా స్పష్టం చేశారు. మీకు పెకినీసే ఇష్టం కావచ్చు, అయినా మంచి ఉదాహరణ ఏదంటే రిట్రీవర్‌నే చూపించవచ్చు. అంటే ఆమె అడిగింది 'ఇది పక్షేనా?' అని కాదు, 'పక్షి అన్న మాటకు ఇది ఎంత మంచి ఉదాహరణ?' అని. ప్రశ్న వింతగా అనిపించినా జవాబులు విచ్చలవిడిగా రాలేదు. ముఖ్యంగా జాబితా పైభాగంలో ఉన్నవాటి విషయంలో విద్యార్థులు దాదాపు ఏకాభిప్రాయంతో ఉన్నారు. సగటు 1.02 రావాలంటే ఇంచుమించు అందరూ 1 వేసి ఉండాలి.

ఇక్కడ రాబిన్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ విద్యార్థుల మనసులో ఉన్నది అమెరికన్ రాబిన్. ఇంటి ముందు పచ్చికలో గెంతుతూ వానపాములను లాగి తినే, నారింజ ఎరుపు ఛాతీ ఉన్న పక్షి అది. బ్రిటన్‌లో రాబిన్ అని పిలిచేది దానికంటే బాగా చిన్నదైన వేరే పక్షి. మన ఊళ్ళలో ఈ రెండూ కనబడవు కాబట్టి తెలుగు పాఠకుడికి రాబిన్ అనగానే మనసులో ఏ రూపమూ మెదలకపోతే అందులో ఆశ్చర్యం లేదు. ఆ స్థానంలో పిచ్చుకనో కాకినో చిలుకనో పెట్టుకుని చదువుకోవచ్చు. మంచి ఉదాహరణ ఏదన్నది పక్షి మీదే కాక, చూసేవారు పుట్టి పెరిగిన చోటు మీద కూడా ఆధారపడుతుంది, రోష్ అంకెలు అమెరికన్ విద్యార్థుల అంకెలు.

అడిగి వేయించుకున్న అంకెలే కదా, వాటికి మనసు పనితీరుతో సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అందుకే అంకెలు అడగని పరీక్షలూ జరిగాయి. 'రాబిన్ పక్షి', 'కోడి పక్షి' వంటి వాక్యాలను చూపించి నిజమో అబద్ధమో వీలైనంత త్వరగా చెప్పమంటే, మంచి ఉదాహరణ ఉన్న వాక్యానికి జవాబు త్వరగా వస్తుంది, కోడి దగ్గర కొంత ఆలస్యమవుతుంది. ఆ తేడా సెకనులో చిన్న భాగమే, అయినా మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. పిల్లలైతే కోడి వంటి వాటి దగ్గర తప్పులు కూడా ఎక్కువ చేస్తారు. రోష్ మరో పరీక్ష కూడా చూపించారు. ఉదయం పూట కిటికీ బయట టెలిఫోన్ తీగల మీద ఇరవై పక్షులు వాలి కిచకిచలాడుతున్నాయన్న వాక్యం తీసుకుని, 'పక్షులు' అన్న చోట పిచ్చుకలు అని పెడితే వాక్యం హాయిగా నడుస్తుంది. అక్కడే టర్కీ కోళ్ళు అని పెడితే నవ్వొస్తుంది. వాక్యంలో ఉన్నది పక్షి అన్న సాధారణ నామమే అయినా, మనం చదివేటప్పుడు మనసు దాని స్థానంలో అప్పటికే ఒక చిన్న, ఎగిరే, కూసే జీవిని పెట్టుకుందన్నమాట.

అయితే రాబిన్‌కు ఆ స్థానం ఎందుకు దక్కింది? తరచూ కనబడటం ఒక్కటే కారణమైతే కోడి దానికి తీసిపోదు. రోష్, ఆమె సహ పరిశోధకురాలు కరోలిన్ మెర్విస్ అదే 1975లో దీనికి ఒక లెక్క ప్రతిపాదించారు. తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ ఆట అన్న భావనను పరిశీలించి, అన్ని ఆటలకూ ఉమ్మడిగా ఉండే ఒక్క లక్షణమూ దొరకదని, ఒక కుటుంబంలో ఒకరికి ముక్కు, మరొకరికి నడక, ఇంకొకరికి కళ్ళు కలిసినట్టు పోలికలు అల్లుకుపోతాయని అన్నారు. ఆయన మరణానంతరం 1953లో వెలువడిన ఆ ఆలోచనను రోష్, మెర్విస్ కొలవదగిన రూపంలోకి తెచ్చారు. ఒక్కో వస్తువుకు ఉన్న లక్షణాలను జనం చేత రాయించారు. ఆ లక్షణం వర్గంలోని ఎన్ని వస్తువులకు ఉందో అదే దాని విలువ. వస్తువుకు ఉన్న లక్షణాల విలువలన్నీ కూడితే దాని కుటుంబ పోలిక ఎంతో తేలుతుంది.

ఈ పద్ధతి అర్థం కావడానికి మనకు తెలిసిన ఐదు పక్షులతో చిన్న లెక్క వేద్దాం. ఇది పద్ధతిని చూపడానికి నేను కూర్చిన లెక్కే తప్ప ప్రయోగ ఫలితం కాదు. పిచ్చుక, కాకి, చిలుక, కోడి, పెంగ్విన్ తీసుకుందాం. ఈకలు, ముక్కు, గుడ్లు పెట్టడం ఐదింటికీ ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని విలువ 5. గింజలు తినడం పెంగ్విన్‌కు తప్ప మిగిలిన నాలుగింటికీ ఉంది, విలువ 4. దూరం ఎగరడం, చెట్టు మీద నివసించడం మొదటి మూడింటికే ఉన్నాయి, ఒక్కోదాని విలువ 3. నీటిలో ఈదడం పెంగ్విన్ ఒక్కదానికే, విలువ 1. ఇప్పుడు కూడితే పిచ్చుకకు 5+5+5+4+3+3, అంటే 25 వస్తుంది. కోడికి 19, పెంగ్విన్‌కు 16 వస్తాయి. పెంగ్విన్‌కు లక్షణాలు తక్కువై ఈ స్థితి రాలేదు. దానికి ప్రత్యేకమైన లక్షణం ఉంది, కానీ దాన్ని పంచుకునే తోటి పక్షులు లేవు. తనవారితో ఎక్కువ పంచుకున్నదే మంచి ఉదాహరణ అవుతుందన్నది ఈ సిద్ధాంతపు గుండెకాయ. రోష్, మెర్విస్ పరిశీలించిన ఆరు వర్గాల్లోనూ ఈ కూడిక విలువలు, మంచి ఉదాహరణ అంకెలు ఎంతో దగ్గరగా నడిచాయి. ఫర్నిచర్‌లో అత్యుత్తమ ఉదాహరణలుగా తేలిన ఐదు వస్తువులకు ఉమ్మడిగా 13 లక్షణాలు ఉంటే, అట్టడుగున ఉన్న ఐదింటికి ఉమ్మడిగా ఉన్నవి రెండే.

ఇక అసలు చిక్కుకు వద్దాం. పెంగ్విన్‌కు వచ్చిన 4.53 అన్న అంకెను సభ్యత్వపు కొలతగా చదివితే ఏమవుతుందో చూడండి. కొలబద్ద మధ్య బిందువు 4. పెంగ్విన్ దాన్ని దాటి అవతలికి పోయింది. అంటే అది పక్షి అవడం కంటే కాకపోవడమే ఎక్కువన్నమాట. కానీ ఆ అంకె వేసిన విద్యార్థులెవరినైనా పెంగ్విన్ పక్షా కాదా అని అడిగితే, పక్షే అంటారు. సందేహం లేదు, సగం లేదు. అటు గబ్బిలం పిల్లల్ని కని పాలిచ్చే క్షీరదం. అది పక్షి కానే కాదని తెలిసినవారు కూడా, ఎగురుతుందన్న పోలిక చూసి 7కు కొంచెం ఇటుగా అంకె వేయగలరు. కాబట్టి ఆ కొలబద్ద కొలిచింది పోలికను. సభ్యత్వం వేరే దారిన తేలుతోంది.

ఈ రెండింటినీ విడదీసి చూపిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా పదునైనదిగా తోచేది షారన్ ఆర్మ్‌స్ట్రాంగ్, లైలా గ్లైట్‌మన్, హెన్రీ గ్లైట్‌మన్ 1983లో ప్రచురించినది. వారు పక్షులు, పండ్లతో పాటు సరిసంఖ్యలనూ జాబితాలో పెట్టారు. సరిసంఖ్యకు నిర్వచనం ఏ లోపమూ లేకుండా ఉంది: రెండుతో నిశ్శేషంగా భాగించబడాలి. అయినా మంచి ఉదాహరణకు అంకెలు వేయమంటే, జనం 4ను చాలా మంచి సరిసంఖ్యగా, 34ను అంతకంటే తక్కువదిగా, 106ను ఇంకా తక్కువదిగా ఎంచారు. అదే జనాన్ని, ఒక సంఖ్య మరో సంఖ్య కంటే ఎక్కువ సరిసంఖ్య కాగలదా అని అడిగితే, కాలేదని ఒప్పుకున్నారు. గణితంలో గీత గీసినంత స్పష్టంగా ఉన్న వర్గంలో కూడా ఉదాహరణల మధ్య ఎక్కువ తక్కువలు వస్తున్నాయంటే, ఆ ఎక్కువ తక్కువలను చూపించి అంచులు మసకగా ఉన్నాయని వాదించడం కుదరదు. ఈ ఫలితం తర్వాత ప్రోటోటైప్ సిద్ధాంతాన్ని పాత పద్ధతిలో చెప్పడం కష్టమైంది.

లాన్స్ రిప్స్ 1989లో ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపించారు. ఆయన ఒక కల్పిత జీవిని వర్ణించారు. దానికి ఈకలు, రెండు కాళ్ళు ఉంటాయి, గింజలు తింటుంది. విషపూరిత రసాయన వ్యర్థాల ప్రభావంతో దాని రూపం మారిపోయి పురుగులా తయారవుతుంది. కానీ అది తన జాతి జీవితో జతకడితే పుట్టిన పిల్లలు మునుపటి రూపంలోనే ఉంటాయి. చదివినవారు ఆ జీవి ఇప్పుడు పురుగులకే ఎక్కువ దగ్గరగా ఉందని అన్నారు, అయినా అది పక్షి అయ్యే అవకాశమే ఎక్కువని కూడా అన్నారు. ప్రాణుల విషయంలో పైకి కనబడే పోలికల వెనుక, పుట్టుక, సంతానం వంటి లోతైనదేదో సభ్యత్వాన్ని నిర్ణయిస్తుందని మనం నమ్ముతాం. పెంగ్విన్ ఎంత వింతగా నడిచినా దాని పక్షి సభ్యత్వానికి ముప్పు రాకపోవడానికి ఈ నమ్మకమే కారణం.

అలాగని అంచులన్నీ స్పష్టమేనని తేల్చేయకూడదు. మసక అంచు నిజంగా ఎక్కడ ఉందో మైకేల్ మెక్‌క్లాస్కీ, శామ్ గ్లక్స్‌బర్గ్ 1978లో చూపించారు. వారు మంచి ఉదాహరణా అని అడగలేదు. అవునా కాదా అని నేరుగా సభ్యత్వాన్నే అడిగారు. యాపిల్ పండేనా అంటే అందరూ అవునన్నారు. గుమ్మడికాయ పండేనా అంటే 30 మందిలో 16 మంది అవునన్నారు, 14 మంది కాదన్నారు. మనుషుల మధ్య అభిప్రాయభేదం ఉండటం పెద్ద విశేషం కాదు, ఒక్కొక్కరికీ తనదైన స్పష్టమైన గీత ఉండి ఉండవచ్చు. అందుకే వారు ఒక నెల తర్వాత అదే మనుషులను మళ్ళీ అడిగారు. గుమ్మడి విషయంలో ఎనిమిది మంది మాట మార్చారు. పక్షవాతం తెచ్చే స్ట్రోక్ జబ్బేనా అన్న ప్రశ్నకు పదకొండు మంది మార్చారు. ఆ నెలలో వారు గుమ్మడి గురించి కొత్తగా నేర్చుకున్నదేమీ ఉండనక్కర్లేదు. గీత మనిషి మనిషికీ మారడం మాత్రమే కాదు, ఒకే మనిషి మనసులోనూ అది ఒక చోట స్థిరంగా లేదు. మసక అంచు అంటే ఇదీ. దీన్ని గుర్తుపట్టే పద్ధతి కూడా ఇదే: ఉదాహరణ ఎంత బాగుందని అడగకుండా, సభ్యత్వాన్నే అడిగి, కొంతకాలం తర్వాత మళ్ళీ అడగాలి. పెంగ్విన్ ఈ పరీక్షలో తొణకదు.

మనుషులు చేసిన వస్తువుల్లో ఈ మసక మరింత ఎక్కువ, ఎందుకంటే ప్రాణులకున్నట్టు పుట్టుక అనే ఆధారం వాటికి లేదు. భాషా శాస్త్రవేత్త విలియం లబోవ్ 1973లో వెలువరించిన పరిశోధనలో కప్పుల బొమ్మలు గీసి, లోతు అలాగే ఉంచి వెడల్పును క్రమంగా పెంచుతూ పోయి, ఒక్కో బొమ్మనూ ఏమంటారని అడిగారు. వెడల్పు, లోతు సమానంగా ఉన్నప్పుడు అందరూ కప్పు అన్నారు. వెడల్పు పెరిగే కొద్దీ కప్పు అనేవారు తగ్గి, గిన్నె అనేవారు పెరిగారు. ఇక్కడ మార్పు ఒక్కసారిగా రాలేదు, మెల్లగా జారింది. ఇంకా ఆసక్తికరమైనది, ఆ పాత్రలో మెత్తగా చిదిమిన బంగాళాదుంప ఉందని ఊహించుకోమంటే ఆ జారుడు ముందే మొదలైంది. అదే ఆకారం కాఫీతో ఉంటే కప్పు, ఆహారంతో ఉంటే గిన్నె. అంచు మసకగా ఉండటమే కాదు, వాడకాన్ని బట్టి చోటు కూడా మారుతుంది.

ఇలా మసకగా ఉన్న చోట కొందరికి తప్పనిసరిగా గీత గీయాల్సి వస్తుంది. 1883 నాటి అమెరికా సుంకం చట్టం దిగుమతి అయ్యే కూరగాయల మీద 10 శాతం సుంకం విధించి, పండ్లను వదిలేసింది. 1886లో వెస్టిండీస్ నుంచి టమాటాలు తెప్పించుకున్న నిక్స్ అనే వ్యాపార కుటుంబం, టమాటా పండే కాబట్టి కట్టిన సుంకం తిరిగివ్వాలని న్యూయార్క్ రేవు సుంకాధికారి హెడెన్ మీద దావా వేసింది. కోర్టులో నిఘంటువుల నుంచి నిర్వచనాలు చదివారు, వ్యాపారంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న సాక్షులను పిలిచారు. 1893లో సుప్రీంకోర్టు, వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండేనని, దోస, చిక్కుడు, బఠాణీ కూడా అంతేనని ఒప్పుకుంటూనే, జనం వాటిని పెరట్లో పండించి భోజనంలో ప్రధాన వంటకాలతో తింటారే తప్ప చివర్లో పండులా తినరు కాబట్టి సుంకానికి సంబంధించినంతవరకు అవి కూరగాయలేనని తీర్పు చెప్పింది. గుమ్మడి విషయంలో మాట మార్చిన ఆ ఎనిమిది మంది బహుశా ఈ రెండు కొలతల మధ్యే ఊగారు. వృక్షశాస్త్రం ఒక జవాబు ఇస్తుంది, వంటిల్లు ఇంకో జవాబు ఇస్తుంది, ప్రశ్న అడిగిన క్షణంలో ఏది ముందు తలపుకొస్తే అదే జవాబు.

ఇన్ని చెప్పాక, మరి మనసులో ప్రోటోటైప్ అనేది ఒక బొమ్మలా కూర్చుని ఉంటుందా అన్న ప్రశ్న మిగులుతుంది. రోష్ స్వయంగా 1978లో ఈ విషయంలో హెచ్చరించారు. ప్రోటోటైప్ అని ఒక వస్తువులా మాట్లాడటం వ్యాకరణ సౌలభ్యం కోసమే తప్ప, నిజంగా మనకు తెలిసినవి ఉదాహరణల్లో ఎక్కువ తక్కువల గురించి జనం చెప్పిన తీర్పులేనని ఆమె రాశారు. అదే ఏడాది డగ్లస్ మెడిన్, మార్గరీట్ షాఫర్ మరో దారి చూపారు: మనసు సగటు రూపాన్నేమీ దాచుకోదు, చూసిన ఒక్కో పక్షినీ గుర్తుంచుకుని కొత్తదాన్ని వాటితో పోలుస్తుందన్నారు. ఈ దారిలోనూ పిచ్చుకే ముందుంటుంది, పెంగ్విన్ వెనకే ఉంటుంది. కాబట్టి ఆ 1.02, 4.53 అంకెలను చూసి ఏ సిద్ధాంతం సరైనదో తేల్చలేం.

మంచి ఉదాహరణ, మసక అంచు అన్న ఈ రెండు విషయాలనూ మన మాటల్లోనే పట్టుకోవచ్చు. 'పెంగ్విన్ పక్షే కానీ ఎగరదు' అనడం సహజంగా ఉంటుంది, 'పిచ్చుక పక్షే కానీ ఎగురుతుంది' అంటే విన్నవారు తికమకపడతారు. ఆ 'కానీ' మంచి ఉదాహరణ గురించి మనం పెట్టుకున్న ఆశను బయటపెడుతుంది, సభ్యత్వాన్ని ముట్టుకోదు. 'ఒక రకంగా చూస్తే' అన్న మాట తీరు వేరు. 'ఒక రకంగా చూస్తే గుమ్మడికాయ పండే' అని అనవచ్చు, ఎదుటివారు తలూపవచ్చు, కాదనవచ్చు. 'ఒక రకంగా చూస్తే పెంగ్విన్ పక్షే' అంటే మాత్రం, ఇంకే రకంగా చూస్తే కాదో చెప్పమని అడుగుతారు. జేమ్స్ హాంప్టన్ 1982లో చూపిన ఒక విచిత్రం కూడా ఇక్కడే అర్థమవుతుంది. కుర్చీ ఫర్నిచర్ అని జనం ఒప్పుకుంటారు, కారు సీటు ఒక రకం కుర్చీ అనీ ఒప్పుకుంటారు, అయినా కారు సీటు ఫర్నిచర్ అంటే ఒప్పుకోరు. లక్షణం కుదిరిన చోట ఇలా జరగడానికి వీల్లేదు. కుర్చీకీ కారు సీటుకూ ఉన్న పోలిక కూర్చోవడానికి సంబంధించినది, కుర్చీకీ ఫర్నిచర్‌కూ ఉన్న పోలిక ఇంట్లో అమర్చుకోవడానికి సంబంధించినది. రెండో మెట్టు ఎక్కేసరికి మొదటి పోలిక చేజారిపోతుంది.